రాగి గొట్టంలో తాపీగా దిగే అయస్కాంతం

ఏసీ బిగించడానికి వచ్చిన మెకానిక్ మిగిలిన రాగి పైపు ముక్కను గోడవారన వదిలేసి వెళ్లాడు. దాన్ని నేను మీటరు పొడవుకు కోయించి, వంకరలు తీయించి దాచుకున్నాను. బయటి వ్యాసం 5/8 అంగుళం, అంటే దాదాపు 16 మిల్లీమీటర్లు. గోడ మందం 1 మిల్లీమీటరు. అందులో పట్టేలా ఒక నియోడిమియం అయస్కాంతం తెచ్చాను. 12 మిల్లీమీటర్ల వ్యాసం, 10 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న చిన్న బిళ్ల అది. బరువు ఎనిమిదిన్నర గ్రాములు. పైపును నిటారుగా పట్టుకుని అయస్కాంతాన్ని పై మూతిలో వదిలితే కింది మూతి నుంచి బయటపడటానికి 15 సెకన్లు పట్టింది. అదే కొలతల ఇనుప బోల్టు ముక్కను వేస్తే వేసిన చప్పుడు, పడ్డ చప్పుడు దాదాపు కలిసే వినిపించాయి. లెక్క ప్రకారం మీటరు ఎత్తు నుంచి అడ్డులేకుండా పడటానికి 0.45 సెకను చాలు.

పై నుంచి గొట్టంలోకి తొంగి చూస్తే అయస్కాంతం గోడలకు తగలకుండా, నూనెలో మునుగుతున్న గోళీలా, నిమ్మళంగా దిగుతూ కనిపిస్తుంది. ఈ దృశ్యం చూసిన పిల్లలు మొదట అడిగేది ‘రాగికి అయస్కాంతం అంటుకుంటుందా’ అని. అంటుకోదు. గొట్టాన్ని పడుకోబెట్టి అయస్కాంతాన్ని పక్కన ఆనించి చూడండి, ఏ పట్టూ ఉండదు. కదలకుండా ఉన్నంతసేపూ రాగికి అయస్కాంతంతో దాదాపు పని లేదు. కదిలిందంటే మాత్రం పట్టించుకుంటుంది.

ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న నా మేనకోడలు ఈ ప్రయోగం చూసి అందరిలా ఆశ్చర్యపోలేదు. గట్టి ప్రశ్న వేసింది.

“మామయ్యా, లెంజ్ నియమం మాకు చెప్పారు. పుట్టే కరెంటు తనను పుట్టించిన కారణాన్ని వ్యతిరేకిస్తుందని. అయస్కాంతం కింద ఉన్న రాగి దాన్ని వ్యతిరేకించి పైకి నెడుతుంది, సరే. మరి అయస్కాంతం పైన ఉన్న రాగి కూడా వ్యతిరేకించాలి కదా? అది నెడితే కిందికే నెట్టాలి. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే అసలు వేగమే తగ్గకూడదు.”

నియమాన్ని బట్టీ పట్టిన వాళ్లకు ఈ సందేహం రాదు, దాన్ని మనసులో బొమ్మ కట్టి చూసుకున్న వాళ్లకే వస్తుంది. ఈ చిక్కు విడిపోతే కరెంటు దిశ, బ్రేకు, వేగం అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి. అందుకే ఆ సాయంత్రం మేమిద్దరం దీని మీదే కూర్చున్నాం.

గొట్టాన్ని గొట్టంలా చూడొద్దని చెప్పాను. ఒకదాని మీద ఒకటి పేర్చిన రాగి గాజుల దొంతర అనుకో. ఒక్కో గాజు ఎత్తు 1 మిల్లీమీటరు. మీటరు గొట్టంలో అలాంటివి వెయ్యి. అయస్కాంతం ఆ గాజుల మధ్యలోంచి కిందికి దిగుతోంది. ఉత్తర ధ్రువం కిందివైపు, దక్షిణ ధ్రువం పైవైపు ఉన్నాయనుకుందాం.

అయస్కాంత బలరేఖలు ఉత్తర ధ్రువంలోంచి బయటికి వచ్చి, చుట్టూ తిరిగి, దక్షిణ ధ్రువంలోకి పోతాయి. కాబట్టి అయస్కాంతానికి కింద ఉన్న గాజులోంచి దూరే రేఖలు కిందికే పోతున్నాయి, ఉత్తర ధ్రువం వాటిని అటే చిమ్ముతోంది మరి. పైన ఉన్న గాజు సంగతి? అక్కడ రేఖలు దక్షిణ ధ్రువంలోకి దిగుతున్నాయి. అంటే అక్కడ కూడా అవి కిందికే పోతున్నాయి. ఇది చాలామంది గమనించని ముక్క. అయస్కాంతానికి పైనున్న గాజైనా కిందున్న గాజైనా, రేఖలు దూరే దిశ ఒకటే.

తేడా ఉన్నది దిశలో కాదు, రేఖల సంఖ్య ఎటు మారుతోందన్న దాంట్లో. కింది గాజు దగ్గరికి అయస్కాంతం వస్తోంది, అందులోంచి దూరే రేఖలు క్షణక్షణం పెరుగుతున్నాయి. పై గాజును అయస్కాంతం వదిలి వెళ్తోంది, అక్కడ రేఖలు తగ్గిపోతున్నాయి. గాజులోంచి దూరే ఈ రేఖల మొత్తాన్నే పుస్తకాల్లో అయస్కాంత అభివాహం అంటారు. లెంజ్ నియమంలోని ‘వ్యతిరేకత’ అభివాహానికి కాదు, అభివాహంలో వచ్చే మార్పుకు. ఈ ఒక్క మాట జారిపోయినందుకే మా మేనకోడలి లెక్క తప్పింది.

ఇప్పుడు రెండు గాజుల్నీ విడివిడిగా చూద్దాం. కింది గాజులో కిందికి పోయే రేఖలు పెరుగుతున్నాయి. ఆ పెరుగుదలను అడ్డుకోవాలంటే గాజు తన వంతుగా పైకి పోయే రేఖల్ని పుట్టించాలి. కుడి చేతి వేళ్లను కరెంటు పారే దిశలో ముడిస్తే బొటనవేలు రేఖల దిశ చూపుతుంది. బొటనవేలు పైకి ఉండాలంటే వేళ్లు, పై నుంచి చూసినప్పుడు, అపసవ్య దిశలో తిరగాలి. అంటే కింది గాజులో కరెంటు గడియారం ముళ్లకు ఎదురుగా పారుతుంది. అలా పారే గాజు ఒక చిన్న అయస్కాంతంలా పనిచేస్తుంది, దాని పైముఖం ఉత్తర ధ్రువం. పై నుంచి వస్తున్నదీ ఉత్తర ధ్రువమే. రెండూ వికర్షించుకుంటాయి. అయస్కాంతానికి పైకి తోపుడు.

పై గాజులో కిందికి పోయే రేఖలు తగ్గిపోతున్నాయి. అక్కడ మార్పును అడ్డుకోవడమంటే తగ్గుతున్న వాటిని నిలబెట్టే ప్రయత్నం చేయడం. గాజు కూడా కిందికి పోయే రేఖల్నే పుట్టించాలి. బొటనవేలు కిందికి పెట్టండి, వేళ్లు పై నుంచి చూస్తే సవ్య దిశలో తిరుగుతాయి. ఈ గాజు అయస్కాంతపు కిందిముఖం ఉత్తర ధ్రువం. దాని కిందనే జారిపోతున్నది మన అయస్కాంతపు దక్షిణ ధ్రువం. ఉత్తరం దక్షిణాన్ని ఆకర్షిస్తుంది. మళ్లీ పైకే లాగుడు.

“అంటే కిందిది రావద్దని నెడుతోంది, పైది పోవద్దని లాగుతోంది” అంది మేనకోడలు. అంతే. వచ్చేటప్పుడు వికర్షణ, పోయేటప్పుడు ఆకర్షణ. రెండూ పైకే పనిచేస్తాయి కనుక కొట్టేసుకోవు, కలిసిపోతాయి.

తర్వాత తనే అయస్కాంతాన్ని తిరగేసి, దక్షిణ ధ్రువం కిందికి పెట్టి వదిలింది. మళ్లీ 15 సెకన్లే. రేఖలన్నీ ఇప్పుడు పైకి పోతాయి కాబట్టి రెండు గాజుల్లోనూ కరెంటు దిశ తలకిందులవుతుంది, కింది గాజులో సవ్యం, పై గాజులో అపసవ్యం. కానీ కింది గాజు పైముఖం ఇప్పుడు దక్షిణ ధ్రువం, ఎదురుగా వస్తున్నదీ దక్షిణ ధ్రువమే. కరెంటు దిశ మారినా బలం దిశ మారలేదు.

అయస్కాంతం నడిమికి సరిగ్గా ఎదురుగా ఉన్న గాజు సంగతి కూడా చెప్పాలి. అక్కడ అభివాహం గరిష్ఠం. పెరగడం అయిపోయింది, తగ్గడం ఇంకా మొదలు కాలేదు. మార్పు లేదు కాబట్టి ఆ క్షణంలో కరెంటు కూడా లేదు. గొట్టంలో కరెంటు పారేది రెండు పట్టీలుగా, ఒకటి అయస్కాంతం కింది అంచు చుట్టుపక్కల, మరొకటి పై అంచు చుట్టుపక్కల, ఎదురెదురు దిశల్లో. అయస్కాంతం దిగుతుంటే ఈ రెండు పట్టీలూ దాని వెంటే గొట్టం గోడలో దిగుతూ ఉంటాయి. గొట్టానికి నాలుగైదు సెంటీమీటర్ల అవతల ఉన్న రాగికి ఆ సంగతే తెలియదు.

ఇదంతా కంటితో చూడటం ఎలా? గొట్టం గోడలో కరెంటు కనపడదు. అందుకు తీగచుట్ట కావాలి. ప్లాస్టిక్ గొట్టం మీద ఎనామిల్ రాగి తీగను ఒకేచోట దగ్గర దగ్గరగా ఓ 500 చుట్లు చుట్టి, కొసలకు రెండు ఎర్ర ఎల్‌ఈడీలను ఒకదానికొకటి తిరగేసి జోడించాం. ఎల్‌ఈడీ ఒకవైపు కరెంటునే పోనిస్తుంది కనుక ఏది వెలిగిందో చూసి దిశ చెప్పొచ్చు. రెండు జానల ఎత్తు నుంచి అయస్కాంతాన్ని వదిలితే ఒక ఎల్‌ఈడీ తళుక్కుమంది, వెంటనే రెండోది. మధ్య వ్యవధి కంటికి అందనంత చిన్నది కాబట్టి ఫోనులో స్లో మోషన్ వీడియో తీసి చూడాల్సి వచ్చింది. అయస్కాంతాన్ని తిరగేసి వదిలితే వెలిగే వరుస తారుమారైంది.

కాలేజీ ల్యాబులో వాడే గాల్వనోమీటరుతో కూడా ఇది చేయొచ్చు. కానీ అక్కడ అయస్కాంతాన్ని వదిలేయకూడదు, చేత్తో పట్టుకుని లోపలికి దించాలి. వదిలేస్తే రెండు తోపులూ సెకనులో వందో వంతుల్లో అయిపోతాయి. బద్ధకంగా కదిలే ముల్లు ఒకవైపు బయలుదేరేలోపే రెండోవైపు తోపు వచ్చి పడుతుంది. ముల్లు ఊరికే వణికి ఊరుకుంటుంది. ‘ప్రయోగం రాలేదు సార్’ అనే విద్యార్థుల్లో చాలామందికి జరిగేది ఇదే. చేత్తో దించితే ముల్లు ఒకవైపు వాలుతుంది, లోపల ఆపితే సున్నాకు వస్తుంది, బయటికి లాగితే రెండోవైపు వాలుతుంది. 1831 అక్టోబర్ 17న లండన్‌లో మైకేల్ ఫారడే కాగితపు గొట్టం మీద రాగి తీగ చుట్టి, అందులోకి కడ్డీ అయస్కాంతాన్ని దూర్చి, లాగి, చూసింది సరిగ్గా ఇదే.

అయస్కాంతం తీగచుట్టలోంచి స్వేచ్ఛగా పడేటప్పుడు వోల్టేజీని ఆసిలోస్కోపులో చూస్తే ఇంకో చక్కని వివరం కనిపిస్తుంది. మొదటి తరంగం ఒకవైపు, రెండోది ఎదురువైపు, కానీ రెండోది కాస్త ఎత్తుగా, కాస్త సన్నగా ఉంటుంది. అయస్కాంతం లోపలికి వచ్చేటప్పటి కంటే బయటికి పోయేటప్పుడు వేగం ఎక్కువ. అభివాహం త్వరగా మారితే వోల్టేజీ పెరుగుతుంది, సమయం తగ్గుతుంది. తరంగాల కింద ఉన్న వైశాల్యాలు మాత్రం రెండింటికీ సమానం, ఎందుకంటే పెరిగిన అభివాహం ఎంతో తగ్గిన అభివాహమూ అంతే.

మరి తీగచుట్టలో అయస్కాంతం ఎందుకు నెమ్మదించలేదు? ఎల్‌ఈడీలోంచి పోయే కరెంటు చాలా కొద్ది, అదీ క్షణకాలం. కొసలు ఊరికే వదిలేస్తే వోల్టేజీ పుడుతుంది కానీ కరెంటు అసలే పారదు, కాబట్టి బ్రేకూ ఉండదు. అడ్డుకునేది కరెంటే. గాజుకు కొసలు లేవు. అది ఎప్పుడూ మూసి ఉన్న వలయం, పైగా మందమైన రాగి. ఎంత చిన్న వోల్టేజీ పుట్టినా కరెంటు బాగా పారుతుంది. నా గొట్టానికి అంచనా వేసి చూశాను. అయస్కాంతం దిగుతున్నప్పుడు ఒక గాజు చుట్టూ పుట్టే గరిష్ఠ వోల్టేజీ 0.7 మిల్లీవోల్టు, టార్చి సెల్లుతో పోలిస్తే రెండువేలవ వంతు. కానీ గాజు నిరోధం 0.8 మిల్లీ ఓమ్ మాత్రమే. కాబట్టి ఒక్క మిల్లీమీటరు ఎత్తున్న గాజులోనే దాదాపు 0.9 ఆంపియరు పారుతుంది. అలాంటి గాజులు అయస్కాంతం పైనా కిందా కొన్నేసి ఉన్నాయి. ఎనిమిదిన్నర గ్రాముల బిళ్లను గాల్లో మోయడానికి అవి చాలు.

కరెంటు దిశ ఇలాగే ఎందుకుండాలి, అటుదిటు కాకూడదా అని మేనకోడలు అడిగింది. ఫారడే ప్రయోగాల తర్వాత రెండేళ్లకు, 1833 నవంబరులో, సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీలో హైన్రిఖ్ లెంజ్ చదివిన వ్యాసం ఈ దిశను ఒకే సూత్రానికి కుదించింది. శక్తి నిత్యత్వం అన్న మాటకు అప్పటికింకా పూర్తి రూపం రాలేదు. ఇప్పుడు మనం వెనక్కి తిరిగి చూసి చెప్పగలం. దిశ తారుమారై ఉంటే కింది గాజు అయస్కాంతాన్ని తనవైపు లాక్కునేది. అది ఇంకా వేగంగా పడేది, వేగం పెరిగితే కరెంటు పెరిగేది, కరెంటు పెరిగితే లాగుడు ఇంకా పెరిగేది. గొట్టం వేడెక్కుతూ, అయస్కాంతం పరుగెత్తుతూ, రెండూ ఎక్కడినుంచో ఉచితంగా శక్తిని తెచ్చుకునేవి. అలా జరగదు కాబట్టే దిశ ఇది.

అసలు ప్రశ్న ఆ తర్వాత వచ్చింది. “ఇంత గట్టిగా అడ్డుకునేటప్పుడు మధ్యలో ఆగిపోదేం మామయ్యా?”

ఆగితే అభివాహం మారదు. మారకపోతే కరెంటు లేదు. కరెంటు లేకపోతే పైకి పట్టే బలం లేదు. అప్పుడు భూమి లాగేస్తుంది, అయస్కాంతం కదులుతుంది, కదిలితే మళ్లీ కరెంటు. ఈ బ్రేకు కదలిక నుంచే పుడుతుంది కాబట్టి కదలికను తగ్గించగలదు కానీ చంపలేదు. వేగం రెట్టింపైతే అభివాహం మారే రేటు రెట్టింపు, వోల్టేజీ రెట్టింపు, కరెంటు రెట్టింపు, చివరికి బ్రేకు బలమూ రెట్టింపు. సగమైతే అన్నీ సగం. అయస్కాంతం బరువు మాత్రం ఎప్పుడూ ఒకటే. కాబట్టి బ్రేకు బలం సరిగ్గా బరువుకు సమానమయ్యే వేగం ఒకటి ఉండాలి. ఆ వేగం దగ్గర రెండు బలాలూ సరిపోయి అయస్కాంతం వేగం పెరగక, తరగక స్థిరంగా దిగుతుంది. దాన్నే చరమవేగం అంటారు. మా గొట్టంలో అది సెకనుకు దాదాపు 7 సెంటీమీటర్లు. మీటరును 15 సెకన్లతో భాగిస్తే వచ్చేది అదే. అడ్డులేకుండా పడిన వస్తువు మీటరు దూరం చివర సెకనుకు 4.4 మీటర్ల వేగంతో ఉంటుంది. అంటే అరవై రెట్లకు పైగా తేడా.

ఈ చరమవేగాన్ని అందుకోవడానికి ఎక్కువ దూరం పట్టదు. గొట్టం లోపల నెమ్మదిగా వదిలితే మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్లలోనే అందుకుంటుంది. కాస్త పై నుంచి, గొట్టానికి గురిపెట్టి మీటరు ఎత్తు నుంచి వదిలినా సరే, నాలుగు మీటర్ల పైచిలుకు వేగంతో మూతిలోకి దూరిన అయస్కాంతం అరచేతి వెడల్పు దూరం దిగేలోపే అదే 7 సెంటీమీటర్ల వేగానికి వచ్చేస్తుంది. వేగం ఎక్కువైతే బ్రేకు గెలుస్తుంది, తక్కువైతే భూమి గెలుస్తుంది.

దీన్ని పరీక్షించడం తేలిక. ఎనిమిదిన్నర గ్రాముల బంకమట్టిని సన్నగా చుట్టి అయస్కాంతం మీద అంటించాం. బరువు రెట్టింపైంది, అయస్కాంత బలం మారలేదు. బ్రేకు రెట్టింపు బరువును మోయాలంటే వేగం రెట్టింపు కావాలి. గొట్టం దాటడానికి ఏడున్నర సెకన్లు పట్టాలి. మేనకోడలి స్టాప్‌వాచి ఏడుకూ ఎనిమిదికీ మధ్య చూపించింది. స్వేచ్ఛగా పడే వస్తువు బరువుతో పనిలేకుండా ఒకే వేగంతో పడుతుందని చదువుకున్న పిల్లకు, ఇక్కడ బరువు పెరిగితే వేగం పెరగడం కొత్తగా తోచింది.

మరో పరీక్ష ఇంతకంటే నాకిష్టం. గొట్టాన్ని మూరెడు దారంతో స్ప్రింగ్ త్రాసుకు వేలాడదీశాం. గొట్టం బరువు సుమారు 420 గ్రాములు. అయస్కాంతాన్ని లోపల వదిలాక, అది దేనికీ తగలకుండా గాల్లో దిగుతున్నంతసేపూ, త్రాసు ముల్లు గీతన్నర కిందికి దిగి నిలబడింది. ఒక్కో గీత 5 గ్రాములు. అయస్కాంతం బయటపడగానే ముల్లు మళ్లీ పైకి వెళ్లింది. రాగి అయస్కాంతాన్ని పైకి ఎంత బలంతో పట్టిందో, అయస్కాంతం రాగిని కిందికి అంతే బలంతో లాగింది. గొట్టం నిజంగానే దాన్ని మోస్తోంది. పట్టుకున్న చేతికి కూడా ఈ బరువు కొద్దిగా తెలుస్తుంది.

వేగం పెరగలేదు కాబట్టి పడటంలో వచ్చే శక్తి ఏమైంది? రాగి వేడెక్కింది. అయితే చేత్తో తాకి తెలుసుకునేంత కాదు. ఎనిమిదిన్నర గ్రాములు మీటరు దిగితే వచ్చే శక్తి 0.083 జౌలు. దాన్ని 420 గ్రాముల రాగికి పంచితే ఉష్ణోగ్రత పెరిగేది ఒక డిగ్రీలో రెండువేలవ వంతు. ఎన్నిసార్లు వదిలినా గొట్టం చల్లగానే ఉందని, వేడి కథ అబద్ధమని అనుకోవద్దు.

ఇంట్లో చేసి చూసేవాళ్లకు కొన్ని చోట్ల నిరాశ ఎదురవుతుంది. పాత స్పీకర్లలోని నల్ల ఫెర్రైట్ అయస్కాంతం ముక్క వాడితే పెద్దగా తేడా కనిపించదు. దాని బలం నియోడిమియంలో మూడో వంతు ఉంటుంది, కానీ బ్రేకు అంతకంటే చాలా ఎక్కువగా పడిపోతుంది. అయస్కాంతం బలం ఒకసారి కరెంటును పుట్టించడంలో, మరోసారి ఆ కరెంటు మీద బలం చూపడంలో, రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. మూడో వంతు బలానికి దాదాపు పదో వంతు బ్రేకే మిగులుతుంది. గొట్టం వెడల్పైనా ఇదే గతి. అయస్కాంతానికీ గోడకూ మధ్య ఖాళీ పెరిగే కొద్దీ బ్రేకు దారుణంగా పడిపోతుంది, గొట్టం వ్యాసార్ధం రెట్టింపైతే దాదాపు పదహారో వంతుకు. అయస్కాంతం లోపల పల్టీ కొట్టకుండా దాని మూలమట్టం కొలత గొట్టం లోపలి వ్యాసం కంటే ఎక్కువగా ఉండేలా చూసుకోవాలి. కింద మెత్తటి గుడ్డ పరచాలి, నియోడిమియం బిళ్లలు గచ్చు మీద పడితే పెచ్చులూడతాయి.

అల్యూమినియం గొట్టంలో కూడా ప్రయోగం వస్తుంది, కానీ అది రాగిలో 60 శాతమే విద్యుత్తును పోనిస్తుంది కనుక అదే కొలతలకు అయస్కాంతం ఇంకాస్త త్వరగా దిగుతుంది. ఇత్తడిలో ఇంకా త్వరగా. అటువైపు, రాగి గొట్టాన్ని ద్రవ నైట్రోజన్‌లో ముంచి మైనస్ 196 డిగ్రీలకు చల్లబరిస్తే రాగి నిరోధం ఏడెనిమిదో వంతుకు తగ్గుతుంది, అయస్కాంతం ఇంకా బాగా నెమ్మదిస్తుంది. అప్పుడు కూడా ఆగదు, నిరోధం ఎంత కొద్దిగా ఉన్నా కరెంటు కరిగిపోతూనే ఉంటుంది.

నిలువునా చీల్చిన గొట్టం గురించి పుస్తకాల్లో, వీడియోల్లో తరచూ ఒక మాట వస్తుంది. గొట్టాన్ని పొడవునా రంపంతో కోసి చీలిక పెడితే గాజులన్నీ తెగిపోతాయి, కరెంటు తిరగదు, అయస్కాంతం మామూలుగా పడిపోతుంది అని. మేం ఒక ముక్కను కోయించి చూశాం. అయస్కాంతం ముందుకంటే త్వరగా దిగింది కానీ బోల్టులా పడలేదు, బాగానే నెమ్మదిగా దిగింది. మేనకోడలు ముందు కంగారు పడి, తర్వాత తనే కనిపెట్టింది. తెగిన గాజులో కరెంటు చుట్టూ తిరగలేదు, నిజమే. కానీ కింది గాజులోనూ పై గాజులోనూ కరెంట్లు ఎదురెదురు దిశల్లో పోతున్నాయి కదా. కింద చుట్టూ తిరిగి చీలిక అంచుకు వచ్చిన కరెంటు ఆ అంచు వెంబడి పైకెక్కి, పై గాజులో ఎదురు దిశలో తిరిగి, రెండో అంచు వెంబడి కిందికి దిగి కలుస్తుంది. పెద్ద వలయం ఒకటి తయారవుతుంది. దారి కాస్త పొడవైంది, అంతే. గాజుల్ని నిజంగా విడదీయాలంటే చీలికతో పాటు ఒక్కో గాజునూ కాగితంతో వేరు చేయాలి. రెండు కరెంట్లూ ఎదురెదురు దిశల్లో ఉన్నాయన్నదానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

ఇదే బ్రేకు ఒకప్పుడు మన ప్రతి ఇంటి వసారాలోనూ పనిచేసింది. డిజిటల్ మీటర్లు రాకముందు, నల్లటి పెట్టెలో అద్దం వెనక, అంచున ఒక ఎర్ర గీత ఉన్న అల్యూమినియం చక్రం తిరుగుతూ ఉండేది. ఇంట్లో వాడే కరెంటు ఆ చక్రాన్ని తోసేది. ఆపేవాడు లేకపోతే అది వేగం పుంజుకుంటూనే పోయేది, లెక్క పనికిరాకుండా పోయేది. అందుకే చక్రం అంచు ఒక గుర్రపునాడా లాంటి శాశ్వత అయస్కాంతం రెండు ధ్రువాల సందులోంచి తిరిగేలా పెట్టారు. ధ్రువాల మధ్యకు వస్తున్న అల్యూమినియం భాగంలో రేఖలు పెరుగుతాయి, బయటికి పోతున్న భాగంలో తగ్గుతాయి. వచ్చేదాన్ని రావద్దని, పోయేదాన్ని పోవద్దని. రెండు గాజుల కథే, పడుకోబెట్టిన రూపంలో.

వేగానికి తగ్గట్టు బ్రేకు పెరుగుతుంది కాబట్టి చక్రం ఎక్కడో ఒకచోట తోపుడుతో సరిపోయే వేగం దగ్గర స్థిరపడుతుంది. ఇంట్లో వాడకం రెట్టింపైతే తోపుడు రెట్టింపు, చక్రం వేగం కూడా రెట్టింపు. అందుకే చుట్లు లెక్కపెడితే యూనిట్లు తెలిసేవి. ఒక యూనిట్‌కు ఎన్ని చుట్లో మీటరు ముఖం మీదే రాసి ఉండేది. మా అమ్మ ఇస్త్రీపెట్టె స్విచ్చి వేస్తే ఆ చక్రం గిరగిర తిరిగేది. స్విచ్చి కట్టేస్తే ఊపులో అలా తిరుగుతూ పోయేది కాదు, ఎవరో వేలు అడ్డం పెట్టినట్టు వెంటనే నెమ్మదించేది. ఆ పాత మీటరు ఒకటి ఇంకా మా ఊరి ఇంటి గోడకే ఉంది, కనెక్షన్ తీసేశారు. సంక్రాంతికి వెళ్లినప్పుడు దాన్ని విప్పి అయస్కాంతం తీసేసి చక్రాన్ని తిప్పి చూస్తానని మేనకోడలు అంటోంది.